“బండి నేనే నడిపాను సార్”: ఒక 304-ఎ కేసులో క్రాస్ నుంచి తీర్పు దాకా

ఇది ఒకే కేసు కాదు. మేజిస్ట్రేట్ కోర్టుల్లో చూసిన కొన్ని కేసుల్ని కలిపి, ఊరు, బండి, మనుషులు, బంధుత్వాలు అన్నీ మార్చి రాస్తున్నాను. క్లయింటు లాయరుతో చెప్పుకున్న మాట కేసు కొట్టేశాక కూడా బయటికి రాకూడదు. పాత సాక్ష్య చట్టం 126వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 132వ సెక్షన్ ఆ సంగతి స్పష్టంగా చెబుతున్నాయి: వకాల్తా ముగిసినా ఆ బాధ్యత ముగియదు. దాన్ని వదులుకునే హక్కు క్లయింటుదే, లాయరుది కాదు. అందుకే ఇక్కడ చెప్పిన చట్టమే అసలుది, మనుషులు కల్పితం.

విషయం ఇదీ. మండల కేంద్రం నుంచి పల్లెకు పోయే తారు రోడ్డు. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. సైకిల్ మీద పోతున్న ఒక కూలీని వెనక నుంచి తెల్ల కారు గుద్దింది. మనిషి ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. కారు ఆగలేదు. చనిపోయినాయన తమ్ముడు ఫిర్యాదు ఇచ్చాడు. రోడ్డు మీద దొరికిన హెడ్‌లైటు ముక్కల్ని పట్టుకుని పోలీసులు నాలుగో రోజు కారు దగ్గరికి వచ్చారు. కారు ఒక రిటైర్డు ఉద్యోగి పేరున ఉంది. వాడేది ఆయన మేనల్లుడు. పట్నంలో ప్రైవేటు ఉద్యోగం, ముప్పై లోపు వయసు. అతణ్ణే నిందితుడిగా చూపిస్తూ, నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసినందుకు ఐపీసీ 304-ఎ కింద, ప్రమాదం చేసి ఆగకుండా పోయినందుకు మోటారు వాహనాల చట్టం 134, 187 సెక్షన్ల కింద ఛార్జిషీటు వేశారు. ప్రమాదం 2024 జులై 1కి ముందుది కాబట్టి పాత చట్టాలే వర్తించాయి. 304-ఎ కి గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఇదే ప్రమాదం తర్వాత జరిగి ఉంటే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల దాకా పడేది.

మొదట వచ్చింది తండ్రి. “మావాడు ఆ రోజు ఊళ్ళోనే లేడండి, పెళ్లికి పోయాడు” అన్నాడు. అంతవరకే విని వకాల్తా వేశాను. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 251 సెక్షన్ కింద మేజిస్ట్రేట్ గారు ఆరోపణ చదివి వినిపించి అడిగినప్పుడు కుర్రాడు “ఒప్పుకోను” అన్నాడు. ప్రాసిక్యూషన్ సాక్షుల విచారణ మొదలయ్యే ముందు, ఛాంబర్‌లో పేపర్లు చూస్తూ, తండ్రిని కాసేపు బయట కూర్చోమన్నాను. ఇది ప్రతి క్రిమినల్ కేసులోనూ చేస్తాను. ఇంటివాళ్లు పక్కనుంటే నిందితుడు ఇంటివాళ్లకు చెప్పిన కథే మనకూ చెబుతాడు. పైగా ఆ ఇంటివాళ్లు క్లయింట్లు కారు, వాళ్లు విన్న మాటకు చట్టం ఇచ్చే రక్షణ ఏమీ ఉండదు.

తలుపు మూయగానే చెప్పాడు. “బండి నేనే నడిపాను సార్. ఫోన్లో మెసేజ్ చూస్తున్నాను. సైకిల్ కనబడేసరికి బాగా దగ్గరికొచ్చేశాను. స్లో చేశాను, అద్దం దించలేదు. టీ కొట్టులోంచి ఎవరో బయటికి రావడం చూసి భయమేసి వెళ్లిపోయాను.”

ఈ చోట చాలామంది జూనియర్లు తడబడతారు. ఇక కేసు వదిలేయాలేమో, కోర్టుకు చెప్పాలేమో అనుకుంటారు. రెండూ కాదు. 126వ సెక్షన్ కింద చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది: ‘నేను ఫోర్జరీ చేశాను, నన్ను డిఫెండ్ చేయండి’ అని క్లయింటు లాయరుకు చెబితే ఆ మాట రహస్యంగానే ఉంటుంది, ఎందుకంటే దోషి అని తెలిసిన మనిషిని డిఫెండ్ చేయడం నేరపూరితమైన పని కాదు. దాని కిందే రెండో ఉదాహరణ ఉంది: ‘ఈ దొంగ దస్తావేజు పెట్టి ఆస్తి రాబట్టుకోవాలి, దావా వేయండి’ అంటే ఆ మాటకు రక్షణ లేదు. జరిగిపోయిన నేరం గురించి చెప్పింది మొదటిది, జరగబోయే మోసానికి సాయం అడిగింది రెండోది. నాకు ఈ కేసు మొత్తం ఆ రెండు ఉదాహరణల మధ్యే నడిచింది.

బార్ కౌన్సిల్ నియమాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. నిందితుడు తప్పు చేశాడా లేదా అన్న సొంత అభిప్రాయంతో పని లేకుండా డిఫెండ్ చేయాలి, సరిపడా సాక్ష్యం లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదన్న చట్టానికే లాయరు విధేయుడు అని 15వ నియమం. క్లయింటు అడ్డదారులు తొక్కకుండా ఆపాలి, వినకపోతే ఆ క్లయింటుకు వకీలుగా ఉండటానికి నిరాకరించాలి అని 4వ నియమం. మొదటిది చదివి రెండోది మర్చిపోయేవాళ్లు బార్‌లో కొదవ లేదు. రెండోది చదివి మొదటిదాన్ని మర్చిపోయేవాళ్లు టీవీ చర్చల్లో ఎక్కువ.

ముందు అతనికి దారులు చెప్పాలి. “ఒప్పుకోను” అన్న ప్లీ అబద్ధం కాదని వివరించాను. అది ప్రమాణం చేసి ఇచ్చిన సాక్ష్యం కాదు, రుజువు చేయమని ప్రాసిక్యూషన్‌ను అడగడం మాత్రమే. దాన్ని మార్చుకోవాలనుకుంటే మార్చుకోవచ్చు. ప్లీ బార్గెయినింగ్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, చనిపోయినాయన కుటుంబానికి పరిహారం ఇచ్చే ఒప్పందం అందులో భాగంగా ఉంటుంది, శిక్ష తగ్గుతుంది. కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనైతే దీనికి ఛార్జి ఫ్రేమైన 30 రోజుల గడువు పెట్టారు. పాత కోడ్‌లో ఆ తొందర లేదు. కానీ శిక్ష తగ్గినా నేరం రుజువైనట్టే. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాను. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసిన కేసుల్లో ప్రొబేషన్ ఇచ్చి వదలడం సరికాదని సుప్రీంకోర్టు 2000లో దల్బీర్ సింగ్ కేసులో గట్టిగా అంది. జైలు పడదని హామీ ఇవ్వలేను. అతను రెండు రోజులు ఆలోచించుకుని, ఉద్యోగం పోతుందని, కేసు నడుపుదామన్నాడు. ఆ నిర్ణయం అతనిదే. ఒప్పుకోమని అతణ్ణి బలవంతం చేసే అధికారం నాకు లేదు.

తర్వాతి వాయిదాకు తండ్రి ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇదివరకు వాళ్లింట్లో డ్రైవరుగా చేసినవాడు. “ఆ రాత్రి బండి ఇతను నడిపాడని డిఫెన్స్ సాక్ష్యం చెబుతాడండి. పెళ్లిలో ఉన్నాడని మా బావమరిది చెబుతాడు. ఇతని సంగతి మేం చూసుకుంటాం” అన్నాడు. రోడ్డు ప్రమాదాల కేసుల్లో ఇది మన దగ్గర కొత్త కాదు. డబ్బు తీసుకుని స్టీరింగ్ నెత్తిన వేసుకునే మనుషులు దొరుకుతారు.

డ్రైవరును బయటికి పంపి తండ్రీకొడుకులకు ఒక్కటే చెప్పాను. “పెద్దాయనా, మీ అబ్బాయి నాతో చెప్పుకున్నది ఏదైనా నా దగ్గరే ఉంటుంది. ఇప్పుడు మీరన్న మాటకు మాత్రం ఆ అడ్డు లేదు. బోనెక్కి ప్రమాణం చేసి అబద్ధం చెబితే ఐపీసీ 193 కింద ఏడేళ్ల దాకా శిక్ష. చెప్పించినవాళ్లకూ అంటుకుంటుంది, తెలిసి పిలిచిన నాకూ అంటుకుంటుంది. ఆ సాక్షిని నేను పిలవను.” తండ్రి చాలాసేపు వాదించాడు. ఇంకో లాయరు దగ్గరికి పోతామన్నాడు. పొమ్మన్నాను.

పోతే నేనేం చేయాలి? ఇక్కడ ఒక ఇరుకు ఉంది, దానికి పూర్తి విరుగుడు లేదు. కేసు నుంచి తప్పుకోవాలంటే బార్ కౌన్సిల్ 12వ నియమం ప్రకారం తగిన కారణం ఉండాలి, క్లయింటుకు ముందుగా నోటీసు ఇవ్వాలి, పని చేయని మేరకు ఫీజు తిరిగివ్వాలి. కోర్టులో వేసే మెమోలో ‘వృత్తిపరమైన కారణాల వల్ల తప్పుకుంటున్నాను’ అని మాత్రమే రాయాలి. ‘నా మనస్సాక్షి ఒప్పుకోనందున’ అని రాసినవాళ్లను చూశాను. ఆ ఒక్క వాక్యంతో క్లయింటు రహస్యం మొత్తం మేజిస్ట్రేట్ గారి టేబుల్ మీద పెట్టినట్టే. మరి నేను తప్పుకుంటే వాళ్లు నిజం చెప్పకుండా వేరే లాయరును పెట్టుకుని అదే డ్రైవరును బోనెక్కించవచ్చు. అప్పుడు నేను నోరు విప్పకూడదు. తప్పుకోవడం నన్ను కాపాడుతుంది, కోర్టును కాపాడదు. అందుకే తప్పుకోవడానికి ముందు ఒప్పించే ప్రయత్నం పూర్తిగా చేయాలి. ఈ కేసులో కుర్రాడే అడ్డం తిరిగాడు. “ఆయనకు పిల్లలున్నారు నాన్నా, వద్దు” అన్నాడు. డ్రైవరు మళ్లీ రాలేదు.

ఇక క్రాస్, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం. ప్రాసిక్యూషన్‌కు ప్రాణం వాళ్ల రెండో సాక్షి పీడబ్ల్యూ-2, టీ కొట్టు ఆయన. ప్రాసిక్యూషన్ అడిగిన చీఫ్‌లో, “కోర్టులో ఉన్న ఈ ముద్దాయే ఆ రాత్రి కారు నడిపాడు, నేను చూశాను” అన్నాడు. అతను అన్నది నిజమని నాకు తెలుసు. బండి నడిపింది ముద్దాయే. కానీ ఆ సంగతి అతను ఎలా తెలుసుకున్నాడన్నది వేరే ప్రశ్న, నా క్రాస్ అంతా దాని మీదే.

కుర్రాడు నాకు ఇంకో విషయం చెప్పాడు. అరెస్టు రోజున స్టేషన్లో ఎస్సై టీ కొట్టు ఆయన్ను పిలిపించి, బల్ల మీద కూర్చున్న ఇతణ్ణి చూపించాడు. ఇతరుల మధ్య నిలబెట్టి గుర్తుపట్టించే టెస్ట్ ఐడెంటిఫికేషన్ పరేడ్ పెట్టలేదు. పోలీసుల ముందు ఇచ్చిన 161 స్టేట్‌మెంట్లో ‘తెల్ల కారు గుద్ది వెళ్లిపోయింది’ అని ఉంది, నడిపినవాణ్ణి చూసినట్టు గానీ, చూస్తే గుర్తుపడతానని గానీ లేదు. రఫ్ స్కెచ్‌లో కొట్టుకూ ప్రమాద స్థలానికీ మధ్య దూరం 60 మీటర్లు, కరెంటు స్తంభం గుర్తు లేదు. కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ ఉందని బండిని చూసిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ రిపోర్టులోనే ఉంది.

కాబట్టి ఇవి అడిగాను. కొట్టు నుంచి ఆ చోటు ఎంత దూరం? అక్కడ వీధి దీపం ఉందా? కారు అద్దాలు మూసి ఉన్నాయా, తెరిచి ఉన్నాయా? కారు మీకు ఎదురుగా వచ్చిందా, వెళ్లిపోతుంటే చూశారా? తర్వాత ఈ ముద్దాయిని మొదటిసారి ఎక్కడ చూశారు? ఆ చివరి ప్రశ్నకు సాక్షి ఏమీ తొణక్కుండా “స్టేషన్లో ఎస్సై గారు చూపించారు” అన్నాడు. ప్రాసిక్యూషన్ లాయరు ఏపీపీ గారు పెన్ను కింద పెట్టారు. నేను అడిగిన వాటిలో ఒక్కటీ అబద్ధం మీద కట్టింది కాదు. అతను ముఖం చూడలేదని నేను నమ్మడానికి క్లయింటు చెప్పిన మాటలోనే ఆధారం ఉంది.

ఆ తర్వాత మన కోర్టుల్లో అలవాటుగా వచ్చే సజెషన్లు, అంటే మన వాదనను సాక్షి ముందు పెట్టి అవునా కాదా అనడం. ‘…అనడం నిజం కాదు’ అని సాక్షి జవాబు నమోదయ్యే ఆ వరుస. సజెషన్ పెట్టకపోతే సాక్షి చెప్పింది ఒప్పుకున్నట్టేనని ఎదుటి పక్షం వాదిస్తుందన్న భయంతో చాలామంది ఊపులో అన్నీ పెట్టేస్తారు. నా జూనియర్ రాసుకొచ్చిన కాగితంలో నాలుగున్నాయి. ముద్దాయి ఆ రోజు ఊళ్ళో లేడు. కారు ముద్దాయి నడపలేదు. ముద్దాయి నెమ్మదిగానే నడిపాడు, సైకిల్ అడ్డం వచ్చింది. ఊళ్ళో పార్టీ కక్షల వల్ల అబద్ధం చెబుతున్నావు.

నాలుగూ కొట్టేశాను, ఒక్కోదానికి ఒక్కో కారణంతో. మొదటి రెండూ అబద్ధమని నాకు తెలుసు. సజెషన్ సాక్ష్యం కాదని చెప్పుకుని తప్పించుకోవడం కుదరదు, అది కోర్టు ముందు లాయరు నోటితో పెట్టే కేసు. నాలుగోది తండ్రి ఇచ్చిన ఊహ, ఆధారం ఏమీ లేదు. సరైన ఆధారం లేకుండా సాక్షి నడతను మచ్చపరిచే ప్రశ్న వేయకూడదని సాక్ష్య చట్టం 149 (ఇప్పుడు 152) చెబుతుంది. అలా వేసిన లాయరు సంగతి కోర్టు హైకోర్టుకో, ఆ లాయరు లోబడి ఉండే అధికార సంస్థకో రాయవచ్చని ఆ తర్వాతి సెక్షన్. మూడోది అన్నిటికంటే ప్రమాదం, అది నైతిక కారణం వల్ల కాదు. ‘నెమ్మదిగా నడిపాడు’ అంటే నడిపాడని ఒప్పుకున్నట్టే. క్రాస్‌లో డిఫెన్స్ లాయరు పెట్టిన సజెషన్ నేరాన్ని సూచించేదైతే అది ముద్దాయిని కట్టిపడేస్తుందని సుప్రీంకోర్టు 2023లో బాలు సుదామ్ ఖల్డే కేసులో స్పష్టం చేసింది. అంటే క్లయింటు మూసిన తలుపు వెనక చెప్పిన రహస్యాన్ని లాయరే అలవాటు కొద్దీ బహిరంగ కోర్టులో చెప్పేయగలడు. ఒకే క్రాస్‌లో మొదటిదీ మూడోదీ పక్కపక్కనే పెట్టిన రికార్డులు చూసినప్పుడల్లా ఆ ముద్దాయి మీద జాలేస్తుంది.

నేను పెట్టింది ఒక్కటే: ‘మీరు ఆ రాత్రి నడిపిన మనిషి ముఖం చూడలేదు, స్టేషన్లో చూపించినందువల్లే ఇవాళ ఇతని పేరు చెబుతున్నారు.’ సాక్షి నిజం కాదన్నాడు. అది చాలు. సాక్షి మాటను సవాలు చేసినట్టు రికార్డులో ఉంది, ఎవరు నడిపారన్న దాని మీద నా నోటి నుంచి ఒక్క మాటా లేదు.

ఎస్సైని క్రాస్ చేసేటప్పుడు ఇంకో కత్తి అంచు. ఆ సమయానికి ముద్దాయి ఫోన్ ఎక్కడుందో తెలిపే టవర్ వివరాలు తెప్పించలేదు. తెప్పించి ఉంటే కేసు అక్కడికక్కడే తేలేది. ‘ఎందుకు తెప్పించలేదు’ అని అడగవచ్చా? దర్యాప్తులో లోపం ఉన్నమాట నిజమే, వాదనకు పనికొస్తుంది. కానీ ఆ ప్రశ్న వేసి, ‘తెప్పించి ఉంటే ముద్దాయి అక్కడ లేడని తేలేది’ అని వాదిస్తే అది అబద్ధం. నేను అసలు ఆ ప్రశ్న జోలికే పోలేదు. ప్రాసిక్యూషన్ వదిలేసిన సాక్ష్యాన్ని ఏరి ఇచ్చే బాధ్యత డిఫెన్స్‌కు లేదు, ఆ సాక్ష్యం ఇంకో రకంగా ఉండేదని నమ్మించే హక్కూ లేదు.

వచ్చిన సాక్ష్యం మీద కోర్టు కోడ్ 313 కింద ముద్దాయిని అడిగే రోజు ముందే అతణ్ణి కూర్చోబెట్టాను. అక్కడ ప్రమాణం ఉండదు, తప్పు జవాబు చెప్పినా శిక్ష లేదని కోడే చెబుతుంది. అందుకని మన దగ్గర ప్రతి ప్రశ్నకూ ‘అబద్ధం’ అనేయడం ఆనవాయితీ. చట్టం శిక్షించదు కదా అని ఆ అబద్ధాన్ని నేను రాసిపెట్టలేను. “చెప్పేదేమీ లేదు అను, లేదా రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనే అను. వేరే కథ చెప్పదలుచుకుంటే అది నీ ఇష్టం, నేను తయారు చేయను, తర్వాత దాని మీద వాదించను” అన్నాను. 313(5) కింద రాతపూర్వక స్టేట్‌మెంట్ కూడా వేయలేదు, ఎందుకంటే అది నా చేతి రాత అవుతుంది. ముద్దాయి తనంతట తాను బోనెక్కి సాక్ష్యం చెప్పుకునే వీలు 315 కింద ఉంది గానీ అక్కడ ప్రమాణం ఉంటుంది. దాని ఊసే ఎత్తనివ్వలేదు. అతను మూడు ప్రశ్నలకు ‘చెప్పేదేమీ లేదు’ అన్నాడు. మౌనానికి ఒక ఖరీదు ఉంది. సందర్భ సాక్ష్యం బలంగా ఉన్న కేసుల్లో వివరణ ఇవ్వకపోవడాన్ని కోర్టు గొలుసులో ఇంకో లింకుగా చూడవచ్చు. అది ముందే చెప్పి, ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లాను.

వాదన రోజు మేజిస్ట్రేట్ గారు మధ్యలో ఆపి సూటిగా అడిగారు: “వకీలు గారూ, కారు మీ క్లయింటు మేనమామది, వాడేది మీ క్లయింటు. మరి ఇంకెవరు నడిపినట్టు?” ఈ ప్రశ్నకు ‘మా క్లయింటు కాదు సార్’ అని నోటికొస్తే అంతా పోయినట్టే. “ఎవరు నడిపారో రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్‌ది సార్. రికార్డులో ఉన్నది స్టేషన్లో చూపించిన ముఖం ఒక్కటే” అన్నాను. వాదన మొత్తంలో ‘రుజువు కాలేదు’ అన్నాను, ‘నా క్లయింటు నిర్దోషి’ అనలేదు. సొంత నమ్మకం చెప్పడం ఏ కేసులోనూ లాయరు పని కాదు, ఇలాంటి కేసులో అది అబద్ధం కూడా.

ఈ సంకటంలో పడ్డ లాయర్లలో పేరు మోసినవాడు చార్లెస్ ఫిలిప్స్. 1840లో లండన్‌లో, యజమాని లార్డ్ విలియం రసెల్‌ను చంపాడన్న కేసులో కూర్వాజియే అనే నౌకరు తరఫున నిలబడ్డాడు. విచారణ మధ్యలో కొత్త సాక్ష్యం బయటపడగానే నౌకరు ఫిలిప్స్ దగ్గర నేరం ఒప్పుకున్నాడు, అయినా తనకోసం వాదించమన్నాడు. ఫిలిప్స్ కంగారుపడి బెంచి మీద ఉన్న బ్యారన్ పార్క్‌ను సలహా అడిగాడు. క్లయింటు కోరితే కొనసాగాల్సిందే, సాక్ష్యం నుంచి పుట్టే న్యాయమైన వాదనలన్నీ వాడుకోవాల్సిందే అని ఆయన చెప్పాడు. సలహా మంచిదే. కానీ ఆ విచారణలో కూర్చున్న జడ్జితోనే క్లయింటు ఒప్పుకున్నాడని చెప్పడం ఎలాంటి పని? ఫిలిప్స్‌ను జనం తర్వాత తిట్టింది ముగింపు ప్రసంగంలో హద్దు దాటాడని. నా లెక్కలో అతని అసలు తప్పు అంతకు ముందే జరిగిపోయింది. ఇవాళ ఇలాంటి పరిస్థితి వస్తే మాట్లాడాల్సింది వేరే కోర్టులో ప్రాక్టీసు చేసే సీనియర్‌తో, అదీ పేర్లు, కేసు నంబరు లేకుండా.

తీర్పు వచ్చింది. హెడ్‌లైటు ముక్కలు ఆ కారువేనని రుజువైందని, కానీ నడిపింది ముద్దాయేనని సందేహానికి అతీతంగా రుజువు కాలేదని, స్టేషన్లో చూపించిన తర్వాత కోర్టులో గుర్తుపట్టడానికి విలువ లేదని రాసి కొట్టేశారు. చనిపోయినాయన భార్య వేసిన పరిహారం కేసు ట్రిబ్యునల్లో వేరే నడుస్తోంది. క్రిమినల్ కోర్టులో కొట్టేసినంత మాత్రాన అది ఆగదు, అక్కడ రుజువు స్థాయి కూడా తక్కువ. ‘ఆ కారుకు ప్రమాదంతో సంబంధం లేదు’ అని కౌంటరు వేయమని మేనమామను తండ్రి పురమాయించాడు. అది కక్షిదారు సత్యమని సంతకం పెట్టే కాగితం. ఆ వకాల్తా నేను తీసుకోలేదు.

నెల తిరక్కముందే తండ్రి మళ్లీ వచ్చాడు, ఈసారి స్వీట్ బాక్సుతో. టీ కొట్టు ఆయన కోర్టులో అబద్ధం చెప్పాడని తీర్పులోనే ఉంది కాబట్టి అతని మీద 340 పిటిషన్ వేసి పెర్జురీ కేసు పెట్టించాలంటాడు. తీర్పులో అలా లేదని పేరా చదివి చూపించాను. గుర్తుపట్టిన తీరు నమ్మదగినది కాదన్నారు, అబద్ధం అనలేదు. తర్వాత కొడుకు వైపు తిరిగి, “ఈ పిటిషన్‌లో ‘ముద్దాయి కారు నడపలేదు’ అని నేను మొదటి పేరాలోనే రాయాలి. రాయమంటావా?” అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. ఫైలు మూసి, పేపర్లన్నీ రశీదు మీద అతనికే తిరిగిచ్చేశాను.